‘లేపుదం’ అంటే ఏమిటి, యువరానర్?

ఫోన్ సంభాషణ రికార్డింగు కోర్టులో సాక్ష్యంగా నిలబడాలంటే ఇప్పుడు చాలా పరీక్షలు దాటాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద దానికి రెండు భాగాల సర్టిఫికెట్ ఉండాలి. అందులో ఫైలు హాష్ విలువ రాయాలి. అంటే, రికార్డింగులో ఒక్క క్షణం శబ్దం మార్చినా పట్టిచ్చే సంఖ్య. గొంతు ఎవరిదన్న పేచీ వస్తే ఫోరెన్సిక్ ల్యాబుకి పంపుతారు. ఉప్పల్ వాళ్లకి ఇదేం దూరపు సంగతి కాదు, కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబు పక్కనే రామంతాపూర్‌లో ఉంది. ఇన్ని జాగ్రత్తలూ తీసుకుని, ఆ గొంతు అన్న మాటకి అర్థమేమిటో చెప్పే పని మాత్రం ఆ పూట ఎవరు దొరికితే వాళ్ల చేతిలో పెడుతున్నాం. నా పేచీ అక్కడ.

నేను నాచారంలో ఉంటాను. ఇక్కడి మాట ఒక్కచోట పుట్టింది కాదు. వరంగల్, జనగామ, నల్లగొండ బస్సులు దిగి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఆగిపోయిన తెలుగుంది. పాత బస్తీ నుంచి వచ్చిన దక్కనీ ఉంది. నాచారం పారిశ్రామిక వాడలో పనిచేసే బీహారీల, ఒడియాల హిందీ ఉంది. ‘ఫోన్ ఉఠావ్’ అన్న హిందీ మాట పక్కనే ‘ఫోన్ లేపు’ అని తెలుగులో నడుస్తుంది. కోస్తావాళ్లు ఫోన్ ‘ఎత్తట్లేదు’ అంటే, ఇక్కడి పోరలు ‘లేపుతలేడు’ అంటారు. బండి లేపిండంటే దొంగతనం. మనిషిని లేపిండంటే నిద్రలోంచి కావచ్చు, లోకంలోంచీ కావచ్చు.

ఒక సంభాషణ ఊహిద్దాం. ఇది ఏ కేసులోదీ కాదు, నేను కల్పించిందే. అయితే ఇలాంటివి ఈ రోడ్ల మీద రోజూ వింటాం.

“మామ, ఆడు ఫోన్ లేపుతలేడు.”
“లైట్ తీస్కో. పొద్దుగాల పోయి లేపుదం.”
“సామాన్ ఉన్నదా?”
“పోరగాళ్లు తెస్తరు. రాత్రికల్లా ఖతం చేద్దం.”

వీళ్లిద్దరూ స్లాబు పనివాళ్లు. మేస్త్రి ఫోన్ తీయడం లేదు. పోనీలే, పొద్దున్నే వెళ్లి నిద్రలేపుదాం అంటున్నారు. సామాన్ అంటే సెంట్రింగ్ షీట్లు, కర్రలు. రాత్రికి ఖతం కావాల్సింది స్లాబు. ఇప్పుడు ఇదే ముక్కని ఇంగ్లీషులో చార్జిషీటు భాషలోకి మార్చండి. అతను ఫోన్ తీయడం లేదు, ఉదయం వెళ్లి అతన్ని లేపేద్దాం, ఆయుధం ఉందా, మనుషులు తెస్తారు, రాత్రిలోగా అతన్ని ముగిద్దాం. అనువాదకుడు దుర్మార్గుడు కానక్కర్లేదు. అతని చేత తప్పు చేయించేది చాలా మటుకు వ్యాకరణమే.

తెలుగులో కర్మ చెప్పకుండా వాక్యం నడుస్తుంది. ‘ఖతం చేద్దం’ అన్నప్పుడు దేన్ని, ఎవర్ని అన్నది వినేవాడికి ముందే తెలుసు కాబట్టి ఎవరూ చెప్పరు. ఇంగ్లీషు అలా ఊరుకోదు. అక్కడ ‘దాన్ని’ అనో ‘అతన్ని’ అనో ఏదో ఒకటి పెట్టాల్సిందే. రికార్డింగులో లేని ఆ ఒక్క మాట అనువాదకుడు తెచ్చిపెడతాడు. స్లాబు పనికీ హత్యకీ మధ్య దూరం ఆ మాటే. ఏ హాష్ విలువా దాన్ని పట్టుకోదు, ఎందుకంటే ఆడియో ఫైలు చెక్కు చెదరలేదు.

ఇంకో చిన్న శబ్దం ఉంది. ‘లేపుదం’ వేరు, ‘లేపేద్దం’ వేరు. రెండోదానిలో హత్య అర్థం గట్టిగా వినబడుతుంది. ట్రాఫిక్ మోతలో, రద్దీ బస్సులోంచి మాట్లాడిన ఫోన్లో ఆ ‘ఏ’ ఎంతసేపు వినబడుతుంది? పోనీ వినబడిందే అనుకోండి. పరీక్ష ఉన్న పిల్లవాడు వాళ్లమ్మతో ‘అయిదింటికి లేపెయ్ అమ్మా’ అనే అంటాడు.

పైగా అనువాదం ఒక్కసారి జరగదు. ముందు ఎవరో విని కాగితం మీద తెలుగులో రాస్తారు. రాసేటప్పుడు చేయి తనకు తెలియకుండానే వీధి మాటని పత్రికల తెలుగులోకి సరిచేస్తుంది. ‘లేపుదం’ ‘లేపేద్దాం’ అయ్యేది అక్కడే. ఇంగ్లీషు చేసేవాళ్లు చాలాసార్లు ఆ కాగితాన్నే చూస్తారు. అప్పీలు హైకోర్టుకి వెళ్తే అక్కడి భాష ఇంగ్లీషు, కాబట్టి చదివేది మూడో చేతి మాట. రాసినవాడి చెవి మీద మన సినిమా చేసిన పని కూడా తక్కువేం కాదు. దశాబ్దాల పాటు తెలంగాణ యాసని రౌడీకీ హాస్యగాడికీ కేటాయించిన తెర అది. ఆ చెవికి ‘సంపుత బిడ్డా’ అన్న మాటలో బెదిరింపే వినబడుతుంది. ఆలస్యంగా వచ్చిన తమ్ముణ్ని అన్న మురిపెంగా తిట్టడం వినబడదు.

ఇదంతా ఊహ అనేవాళ్లకి పార్లమెంటు దాడి కేసు గుర్తుచేస్తాను. 2001 డిసెంబర్ 14న ఢిల్లీ అధ్యాపకుడు ఎస్.ఏ.ఆర్. గిలానీ కశ్మీర్‌లో ఉన్న తమ్ముడితో కశ్మీరీలో మాట్లాడిన ఫోన్‌ని పోలీసులు రికార్డు చేశారు. రెండు నిమిషాల పైచిలుకు మాట. దాన్ని హిందీలోకి మార్చింది పెద్దగా చదువుకోని, పండ్ల వ్యాపారంలో ఉన్న ఒక యువకుడు. పోలీసుల అనువాదంలో తమ్ముడు ‘ఢిల్లీలో ఏం చేశారు’ అని అడిగితే, గిలానీ ‘ఇది అవసరం’ అన్నాడు. డిఫెన్సు తెచ్చిన కశ్మీరీ సాక్షుల అనువాదంలో ప్రశ్న ‘ఏమైంది’ అని మాత్రమే. ప్రత్యేక కోర్టు 2002లో ఉరిశిక్ష వేసింది. 2003లో హైకోర్టు వదిలేసింది, టేపు విన్న న్యాయమూర్తులు మాటలే సరిగ్గా వినబడలేదన్నారు. 2005లో సుప్రీంకోర్టు ఆ విడుదలని ఖాయం చేసింది. కేసులో మిగతా సాక్ష్యాలూ ఉన్నాయి, నిజమే. కానీ ఒక అనువాదం మీద ఒక మనిషి మెడ కొంతకాలం వేలాడింది.

అది పరాయి భాష కదా, మనది మనకి తెలుసు అంటారా? అమెరికాలో లూసియానాలో ఒక నిందితుడు పోలీసులతో, నాకు లాయర్నివ్వచ్చు కదా ‘డాగ్’ అన్నాడు. మన ‘మామ’ లాంటి పిలుపు అది. 2017లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఒకరు దాన్ని ‘లాయర్ కుక్క’గా చదివి, అది స్పష్టమైన కోరిక కాదని రాశారు. ఇద్దరి భాషా ఇంగ్లీషే. ‘మామ’ అన్న మాటని అక్షరాలా బంధుత్వంగా రాసుకున్న చోట, లేని మేనమామ కోసం వెతకడమొక్కటే ఇక మిగిలేది. అదే మాట వీధిలో పోలీసుకీ వాడతారు, అది వేరే తంటా.

నేరగాళ్లు కోడ్ మాటలు వాడరా అని అడుగుతారు. వాడతారు. పైన రాసిన నాలుగు వాక్యాలూ నిజంగా హత్య పథకమే కావచ్చు. అందుకే అర్థం మాటలోంచి కాక బయటనుంచి తేలాలి. ఆ రోజు ఎక్కడైనా స్లాబు పడిందా? షీట్లు అద్దెకిచ్చినవాడి పుస్తకంలో రాసి ఉందా? ‘ఆడు’ ఎవడు? ఇవి అడగకుండా అనువాదమే నేరాన్ని రుజువు చేసిందంటే, ఆ రుజువు అనువాదకుడిదే.

చట్టంలో దారి లేక కాదు. 1872 నాటి సాక్ష్య చట్టం 49వ సెక్షన్, ఇప్పుడు 43వది, ఫలానా జిల్లాల్లో, ఫలానా జనం వాడే మాటల అర్థం మీద, ఆ సంగతి ప్రత్యేకంగా తెలిసినవాళ్ల అభిప్రాయం కోర్టుకి పనికొస్తుందని స్పష్టంగా చెబుతోంది. ప్రత్యేకంగా తెలిసినవాడు ప్రొఫెసరే కానక్కర్లేదు. ఉప్పల్లో ఇరవయ్యేళ్లుగా సెంట్రింగ్ పెట్టిస్తున్న మేస్త్రి కావచ్చు, రింగ్ రోడ్డు ఆటో స్టాండులో కూర్చునే పెద్దమనిషి కావచ్చు. డిఫెన్సు వకీళ్లు గొంతు నాది కాదని వాదించడానికి పెట్టే ఓపికలో సగం, మాటకి ఆ అర్థం కాదని వాదించడానికి పెట్టరు. వాళ్లమీదా నాకు కోపమే.

నేను కోరేది పెద్దదేం కాదు. తేడా వచ్చిన మాటని ఇంగ్లీషు కాగితంలోనూ తెలుగులోనే ఉంచండి. ఇరుపక్షాలూ చెప్పే అర్థాల్ని పక్కపక్కన రాయండి. రికార్డింగులో లేకుండా అనువాదకుడు చేర్చిన ప్రతి ‘అతన్ని’ కింద గీత గీయండి. రాసినవాడు ఎవరో, ఏ ఊరివాడో, ఆడియో విన్నాడో కాగితం చూసి రాశాడో బోనెక్కి చెప్పాలి. తీర్పు రాసే ముందు జడ్జిగారు ఆ ముక్కని కోర్టు హాల్లో, నిందితుడి ఎదుట, ఒకసారి పైకి వినాలి.