స్టిక్కర్లో నవ్వేది మన అక్కేనా?



వాట్సాప్‌లో నవ్వాలన్నా ఏడ్వాలన్నా తెలుగోళ్లమంతా బ్రహ్మానందం గారి ముఖమే పంపుతం. అవి వేర్వేరు సినిమాల బొమ్మలు కాబట్టి ఒక్కోదాంట్ల ఒక్కో అంగీ, ఒక్కో వెలుతురు. ఇప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు మన పిల్లలు ఒక్క ఫొటో పెట్టి, ఏఐతో పది భావాల సెట్ చేస్తున్నరు. మంచిదే. కానీ సెట్ అంటే పది బొమ్మల్లోనూ మనిషి ఒక్కరే ఉండాలి. చాలా సెట్లలో అదే తప్పుతోంది.

ఫేటియా, కాంచళి కట్టుకున్న ఒక అక్క ఫొటోనే తీసుకుందాం. మొదటి బొమ్మ బాగానే వస్తుంది. దాన్నిచ్చి కోపం బొమ్మ, కోపం బొమ్మనిచ్చి ఏడుపు బొమ్మ అడిగితే, ప్రతిసారీ కొంచెం కొంచెం ముఖం జారిపోతుంది. ఐదో బొమ్మకు రంగు తెల్లబడుతుంది, ముక్కు సన్నబడుతుంది, చెంపల పక్కన జుట్టుకు వేలాడే టోప్లీలు మామూలు జుంకాలైపోతాయి. అందుకే ప్రతి భావానికీ మళ్లీ అసలు ఫొటోనే ఇవ్వాలి. "భావం ఒక్కటే మార్చు, ముఖం, రంగు, నగలు, బట్టలు మార్చొద్దు" అని ప్రతిసారీ రాయాలి.

నవ్వు దగ్గర ఇంకో చిక్కుంది. ఫొటోలో నోరు మూసి ఉంటే పళ్లు ఎట్లుంటయో ఏఐకి తెల్వదు, సొంతంగా పెట్టేస్తుంది. అక్క పళ్ల మధ్య సందు ఉంటే అది మాయమైతది. పళ్లు కనబడేలా నవ్వుతున్న ఇంకో ఫొటో జతచేస్తే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది.

అన్నీ అయ్యాక అసలు ఫొటో పక్కన వరుసగా పెట్టి చూడాలి. తర్వాత స్టిక్కర్ సైజుకు చిన్నగా చేసి, పేరు చెప్పకుండా ఇంట్లోవాళ్లకు చూపాలి. "ఎవలీమె?" అని అడిగితే ఆ బొమ్మ తీసేయాలి. మిగిలినవాటి వెనక భాగం తొలగించి, 512 × 512 పిక్సెళ్ల WebP ఫైలుగా, 100 కేబీ లోపు ఉంచాలి. ఒక ప్యాక్‌కు కనీసం 3, ఎక్కువలో ఎక్కువ 30 పడతాయి.

మా మాట ఒకటే. తెల్లబడ్డ బొమ్మను "అందంగా వచ్చింది" అని దాచుకోవద్దు. అది అందం కాదు, మన మనిషిని మార్చేయడం. అట్లనే ఫొటోకు ఒప్పుకున్నంత మాత్రాన ఏడుపు బొమ్మకు ఒప్పుకున్నట్టు కాదు. ఒక్కసారి పంపిన స్టిక్కర్‌ను ఎవరైనా దాచుకోవచ్చు, మనం డిలీట్ చేసినా వాళ్ల ఫోన్లో ఉంటుంది. కాబట్టి పదికి పది బొమ్మలూ ముందు ఆ అక్కకే చూపాలి. ఆమె వద్దన్నది గ్రూపులోకి రావద్దు.