బయోలో రెండు పనులా? కలిపే మాట ఒకటి ఉండాలి

ఉద్యోగంలో చేరాక ఇంటి వ్యాపారమూ చూసుకోవాలనుకుంటున్నారా? బయోలో ‘టెస్టర్, పచ్చళ్ల వ్యాపారి’ అని పక్కపక్కన రాసి వదిలేస్తే, ‘ఈ మనిషి మనసు ఎక్కడుందో!’ అని హెచ్‌ఆర్‌కు అనుమానం వస్తుంది. రెండింటినీ కలిపే నైపుణ్యం చెప్పండి. ఇలా రాయొచ్చు: ‘సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. కస్టమర్ కంటే ముందే లోపం పట్టుకోవడం నా పని. శని, ఆదివారాల్లో అమ్మ నడిపే పచ్చళ్ల వ్యాపారంలోనూ నాణ్యత, ప్యాకింగ్ చూసేది నేనే.’

ఇందులో ఉద్యోగం ముందుంది, వ్యాపారం ఎప్పుడు చేస్తారో తెలిసింది. ‘ఫౌండర్, సీఈఓ’ అని పెట్టుకుంటే మాత్రం ఎన్నాళ్లుంటారో అన్న సందేహం తప్పదు. ఇంకోటి, ఆఫర్ లెటర్‌లో వేరే వ్యాపారం చేయకూడదన్న షరతు ఉంటే, రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే వ్యాపారమైనా, బయో అయినా.