ఇల్లు మారితే మీటరెవరిది?

కరీంనగర్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి ఆదిలాబాద్ పోయేవారు కరెంటు కనెక్షన్ తీయించనక్కర్లేదు. మీటరు సాధారణంగా ఓనరు పేరు మీదే ఉంటుంది. పేచీ ఆఖరి బిల్లు దగ్గరే. నెల మధ్యలో వెళ్లినవారు 90 యూనిట్లు, కొత్తగా దిగినవారు 60 కాలిస్తే మొత్తం 150. వంద దాటింది కాబట్టి స్లాబే మారి, ఫిక్స్‌డ్ చార్జీలు కాక 580 రూపాయలవుతుంది. 90కి విడిగా అయితే 221.50 మాత్రమే. నన్నడిగితే, యూనిట్ల లెక్కన 348 పాతవారు, 232 కొత్తవారు కట్టడం న్యాయం. కొందరు ఓనర్లు అడ్వాన్సులోంచి గుండుగుత్తగా కోస్తారు, అది దబాయింపే. తాళాలిచ్చే రోజు కేడబ్ల్యూహెచ్ రీడింగును ఇద్దరి ఎదుట ఫొటో తీసి, పాత బిల్లు రీడింగు అందులోంచి తీసేయండి.