ఐదు మ్యాచ్‌ల సిరీస్ నిజంగా బలాన్ని తేలుస్తుందా?

సిరీస్ గెలిచిన జట్టే బలమైనదని మనం తేలిగ్గా తీర్మానించేస్తాం. నా అభిప్రాయంలో ఐదు మ్యాచ్‌లు అందుకు చాలవు. మీరే లెక్క వేసి చూడండి.

ఒక జట్టు ప్రతి మ్యాచ్ గెలిచే సంభావ్యత 0.6, ఓడేది 0.4 అనుకుందాం. ముందుగా మూడు గెలిచినవారిదే సిరీస్. 3-0 అయ్యే సంభావ్యత 0.6³ = 0.216. 3-1లో చివరి మ్యాచ్ గెలుపే కావాలి కాబట్టి, ఓటమి మొదటి మూడింటిలోనే రావాలి: 3 × 0.216 × 0.4 = 0.2592. 3-2లో రెండు ఓటములూ మొదటి నాలుగింటిలో ఉండాలి: 6 × 0.216 × 0.16 = 0.20736. ఇక్కడ చాలామంది 6 బదులు 10 వేస్తారు. సిరీస్ తేలిపోయాక కూడా ఐదూ ఆడితేనే ఆ 10 సరిపోతుంది.

మూడూ కలిపితే సుమారు 0.683. అంటే బలహీనమైన జట్టు కూడా దాదాపు మూడింట ఒక సిరీస్ గెలుచుకుంటుంది.

మొదటి మ్యాచ్ ఓడిపోతే? మిగిలిన నాలుగింటిలో కనీసం మూడు గెలవాలి: 0.6⁴ + 4 × 0.6³ × 0.4 = 0.4752. దాదాపు సగం అవకాశం ఇంకా చేతిలోనే ఉంది. 2024లో ఉప్పల్ టెస్టులో ఇంగ్లండ్ చేతిలో 28 పరుగుల తేడాతో ఓడిన భారత్, ఆ సిరీస్‌ను 4-1తో గెలిచింది. దాన్ని అద్భుతమని నేననను.

అయితే ఈ లెక్కకు హద్దుంది. టెస్టుల్లో డ్రా కావచ్చు. పిచ్, జట్టు కూర్పు మారితే 0.6 కూడా మారుతుంది. ప్రశ్నలో ‘ప్రతి మ్యాచ్ స్వతంత్రం’ అన్న మాట ఉందో లేదో ముందు చూసుకోండి.