అరువు గొంతుతో నూనె అమ్ముడుపోదు

ట్రెండ్‌లో ఏ గొంతు నడుస్తుంటే ఆ గొంతుతోనే వీడియో చేయాలని చిన్న వ్యాపారులకు అందరూ చెబుతున్నారు. అది తప్పుడు సలహా. రాప్తాడులో హైవే పక్కన ఒక గానుగ నూనె కొట్టు ఉందనుకుందాం. సోమవారం వీడియోలో ‘హాయ్ గైస్’, బుధవారం సినిమా డైలాగు, శుక్రవారం ‘ఈ నూనె షుగర్ తగ్గిస్తుంది’. మూడూ చూసిన మనిషికి ఆ కొట్టు ఎవరిదో గుర్తుండదు. నూనె నమ్మకం మీద కొనే సరుకు. రోజుకో గొంతుతో మాట్లాడేవాణ్ణి ఎట్లా నమ్మేది?

ముందు ఒక కాగితం తీసుకుని, అనే మాటలు ఒక పక్క, అనకూడనివి ఇంకో పక్క రాయాలి. కొట్టులో గిరాకీతో ఎట్లా మాట్లాడతారో వీడియోలోనూ అట్లాగే: ‘అన్నా’, ‘అక్కా’, ‘బుడ్డలు’, ‘ఈ పొద్దు ఆడించిన నూనె’. ‘బుడ్డలంటే బెంగళూరులో, హైదరాబాదులో ఎవరికి తెలుసు?’ అంటారు. దోసిట్లో గింజలు పోసి చూపిస్తే తెలుస్తుంది. కింద రాసే శీర్షికలో మాత్రం ‘వేరుశనగ నూనె’ అనే రాయాలి, జనం వెతికేది ఆ మాటతోనే. ఇంట్లో మాట్లాడని యాసను నవ్వు కోసం తెచ్చిపెట్టుకోవడం ఇంకా చెడ్డపని.

అనకూడని మాటల్లో మొదటిది జబ్బు నయమవుతుందన్న మాట. ఆహార ప్రకటనలపై 2018లో వచ్చిన కేంద్ర నిబంధనలు దాన్ని ఒప్పుకోవు. ‘ప్యూర్’, ‘నేచురల్’ వంటి మాటలకూ షరతులు పెట్టాయి. ‘మా నూనెలో కొలెస్ట్రాల్ లేదు’ అనేదీ కొట్టేయాలి. మొక్కల నుంచి వచ్చే ఏ నూనెలోనూ అది ఉండదు, మన గొప్పేమీ కాదు. ‘నంబర్ వన్’ బదులు, లీటరు నూనెకు సుమారు రెండున్నర కిలోల పప్పు పడుతుందని చెప్పి, తూకం చూపించండి.

అసలు పరీక్ష ధర పెరిగిన రోజు. వాన ఎత్తిపోయి బుడ్డల ధర ఎక్కితే, అరువు గొంతు ‘షాకింగ్ న్యూస్!’ అని అరుస్తుంది. సొంత గొంతు ఇట్లా చెబుతుంది: ‘అక్కా, బుడ్డల ధర పెరిగింది. మేమూ పెంచక తప్పలేదు. గింజలు మాత్రం ఏరే ఆడిస్తున్నాం, బూజు పట్టినవి వేయం.’ పండగ వీడియోలో హుషారు ఉండొచ్చు, ఇందులో నెమ్మది ఉండొచ్చు. మనిషి మాత్రం ఒకడే.

మంచి గొంతు చెడ్డ నూనెను కాపాడదు, నిజమే. కానీ మంచి నూనె ఆడించేవాళ్లే అరువు గొంతుతో తమ పేరు పోగొట్టుకుంటున్నారు. మీ చివరి పది వీడియోలు తెర చూపించకుండా పక్కింటివాళ్లకు వినిపించండి. అన్నీ ఒకే కొట్టువని వాళ్లు పోల్చుకోలేకపోతే, పదకొండోది తీయకముందే ఆ కాగితం రాయండి.