'ఎకో ఫ్రెండ్లీ' అని కాదు, ఏం వాడామో రాద్దాం

అన్నలూ, అక్కలూ, వినాయక చవితి వస్తోంది. ఊళ్లలో మనవాళ్లు అడ్డాకు తోరణాలు కట్టి అమ్ముతారు. కట్టేది మన అమ్మలు, పిన్నులు. వాట్సాప్‌లో అమ్మకం మెసేజ్ రాసి పెట్టేది మాత్రం ఎక్కువగా చదువుకుంటున్న మనమే. ఆ మెసేజ్ దాదాపు ప్రతిసారీ ఒకేలా ఉంటుంది: "100 శాతం ఎకో ఫ్రెండ్లీ, ప్రకృతికి హాని లేని, సహజమైన తోరణం." ఈ మాటలు మానేయాలని నా అభిప్రాయం. వాటిలో ఒక్కదాన్ని కూడా మనం రుజువు చేయలేం.

2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, అదే సీసీపీఏ, పచ్చి ప్రచారాల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 'గ్రీన్', 'ఎకో ఫ్రెండ్లీ' లాంటి మాటలు వాడితే దేని గురించి అంటున్నారో వివరం ఇవ్వాలి, ఆధారం చూపాలి అని అందులో ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, కొనే మనిషి "ఎలా?" అని ఒక్క ప్రశ్న వేస్తే మన దగ్గర జవాబు ఉండాలి కదా.

ఒక తోరణాన్నే తీసుకుందాం. ఆకు అడ్డాకు, పుల్ల వెదురు. ఈ రెండింటి గురించి ఎవరికీ అనుమానం లేదు. అసలు గొడవ దారం, జిగురు, రంగు, కవర్ దగ్గర వస్తుంది.

సంతలో కొన్న తెల్ల దారం కాటనో నైలానో చూడగానే తెలియదు. చిన్న ముక్క తెంపి, పళ్లెంలో పెట్టి వెలిగించండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది. నైలాన్ కరిగి, చివర గట్టి పూసలా ముద్ద కడుతుంది. అలా ముద్ద కట్టిన దారంతో కుట్టిన తోరణాన్ని 'ప్లాస్టిక్ లేనిది' అనకూడదు. అడ్డ నార దొరికితే అదే వాడొచ్చు, అదే మాట రాయొచ్చు. పూసలు అంటించడానికి గన్‌లో పెట్టి కరిగించే జిగురు కడ్డీ వాడితే అదీ ప్లాస్టిక్కే.

రంగు సంగతి ఇంకొంచెం కష్టం. తడిపిన తెల్ల గుడ్డతో రుద్దితే రంగు దిగుతుందా లేదా అనేది తెలుస్తుంది, అంతే. దిగనంత మాత్రాన అది సహజ రంగు అని కాదు, దిగినంత మాత్రాన విషమనీ కాదు. అద్దినవాళ్లను అడగాలి. పసుపు అయితే పసుపు అని రాయాలి. కొట్లో కొన్న పొడి అయితే 'కొట్టు రంగు' అని రాయాలి, లేదా రంగే వేయకుండా అమ్మాలి.

'మట్టిలో కలిసిపోతుంది' అనేది అందరికీ ఇష్టమైన మాట. ఎన్ని రోజులకు? ఏ మట్టిలో? ఒక తోరణాన్ని పెరట్లో పాతి, వారానికోసారి తవ్వి, తేదీతో ఫోటో తీయండి. అప్పుడు "మా పెరట్లో పాతితే ఇన్ని వారాలకు ఆకు చివికింది, దారం ఇంకా ఉంది" అని రాయొచ్చు. అది మన పెరటి మాట మాత్రమే. 'కంపోస్టబుల్' అని ముద్ర వేసుకోవడానికి అది చాలదు.

ఇవన్నీ చూశాక మెసేజ్ ఇలా ఉంటే చాలు:

"అడ్డాకు తోరణం. 21 ఆకులు, వెదురు పుల్లలతో కుట్టినది. దారం కాటన్. రంగు, జిగురు వాడలేదు. పాత న్యూస్ పేపర్‌లో చుట్టి ఇస్తాం. వానలో తడిస్తే ఆకు మెత్తబడుతుంది, నీడలో కట్టుకోండి."

"ఇంత చప్పగా రాస్తే ఎవరు కొంటారు?" అని అడుగుతారు. నేను ఎదురు అడుగుతాను. సిటీలో ప్లాస్టిక్ పూలదండ అమ్మేవాడు కూడా పెట్టె మీద 'ఎకో' అని రాసుకోగలడు. 21 అడ్డాకులు, వెదురు పుల్ల అని వాడు రాయగలడా? ఆ వరుస మన ఒక్కళ్లకే చెల్లుతుంది. అందరూ వాడే మాట వెనక దాన్ని దాచుకుంటే నష్టం మనకే.

ఇంకొకటి. 'అడవి బిడ్డల చేతితో, స్వచ్ఛంగా' అని రాయడం కూడా నాకు నచ్చదు. మనం కోయలమో, కొండదొరలమో, జాతాపులమో కావడం దారం కాటన్ అనడానికి రుజువు కాదు. మన పుట్టుకను ముద్రలా వాడితే, రేపు నైలాన్ దారం బయటపడినప్పుడు మాట పడేది ఒక్క తోరణం కాదు, మనందరం. కట్టిన అమ్మ పేరు, ఊరు రాయాలంటే ఆమెను అడిగి రాద్దాం. అది నిజం, చూపించగలం కూడా.

ఈసారి మెసేజ్ పెట్టే ముందు దారం కాల్చి చూడండి. ఏ సంతలో ఏ దారం ఎలా కాలిందో కింద కామెంట్లో రాయండి. మిగతా ఊళ్లవాళ్లకు పనికొస్తుంది.