అతిథి ధర్మం

విశాఖపట్నం నుండి తూర్పు కనుమలు ఎక్కి అరకులోయకు చేరే యాత్రికులలో అధికులు ఒకప్పుడు వసతిగృహాలలోనే బసచేసేవారు. ఇటీవలి కాలంలో లోయ పరిసరాలలోని గిరిజన కుటుంబాలు కొన్ని తమ ఇంటిలో ఒకటి రెండు గదులను వచ్చినవారికి కేటాయిస్తున్నాయి. దీనినే ‘హోంస్టే’ అంటున్నారు. వసతిగృహంలో గదికి తాళం వేసుకుంటే యాత్రికుని లోకం వేరు, యజమాని లోకం వేరు. హోంస్టేలో అట్లా కాదు. అక్కడ గోడకు అవతల ఒక కుటుంబం వండుకుంటుంది, బిడ్డకు పాలిస్తుంది, తన దేవతను కొలుచుకుంటుంది. యాత్రికుడు చెల్లించే సొమ్ము గదికి, భోజనానికి మాత్రమే. ఆ ఇంటివారి ముఖాలకు, బిడ్డలకు, పండుగలకు ఆ సొమ్ములో వెల కట్టలేదు. హోంస్టేలో పాటించవలసిన నియమాలన్నీ ఈ ఒక్క విషయం నుండే పుడుతున్నాయి.

మొదటిది వేషధారణ. గ్రామస్త్రీలు నీటి కోసం, స్నానం కోసం గెడ్డకు వెళతారు. అదే గెడ్డలో యాత్రికులు అరకొర దుస్తులతో కేరింతలు కొడితే ఆ స్త్రీలు వారు వెళ్ళేవరకు బిందెలతో గట్టు మీద నిలబడవలసి వస్తుంది. ‘అక్కడి ముసలమ్మలు రవిక లేకుండానే చీర కడతారు కదా!’ అని వాదించేవారు లేకపోలేదు. అది తరతరాలుగా వచ్చిన కట్టు. దానికీ ఒక మర్యాద ఉన్నది. దానిని సాకుగా చూపి తమ మర్యాదను విడిచిపెట్టడం తగదు. మోకాళ్ళు, భుజాలు కప్పే నూలు దుస్తులు చాలు. చెప్పులు అరుగు కిందనే విడవాలి. పొయ్యి ఉన్న గదిలోకి పిలవకుండా అడుగు పెట్టరాదు.

రెండవది ఛాయాచిత్రాలు. అనుమతి అడిగితే చాలునని పలువురు భావిస్తారు. అయితే కొందరు వృద్ధుల ఇంటిభాష కువి లేక ఆదివాసీ ఒడియా. తెలుగులో అడిగిన ప్రశ్న వారికి సరిగా అర్థం కాకపోవచ్చు. ఉదాహరణకు, ఒక నగర కుటుంబం రెండు రోజులు బస చేసిందనుకుందాం. అరుగు మీద అడ్డాకులు కుడుతున్న వృద్ధురాలికి ఎదురుగా ఆ ఇంటి యువకుడు కెమెరా ఎత్తాడు. ఆమె నవ్వి, కొంగు ముఖం మీదకు లాక్కున్నది. నవ్వును చూసి అతడు సమ్మతి అనుకోవచ్చు. కాని కొంగు చెప్పినదే ఆమె సమాధానం. తల తిప్పుకోవడం, పని ఆపి లోపలికి వెళ్ళడం కూడా నిరాకరణలే. అప్పుడు కెమెరా దించి, కాసేపు పక్కన కూర్చోవడం మేలు. మరునాడు ఇంటివారి ద్వారా ఆమె భాషలో అడిగించి, ఆ చిత్రాన్ని ఎక్కడ ఉంచబోతున్నారో కూడా చెప్పించాలి. పసిపిల్లల విషయంలో తల్లిదండ్రుల మాటే ప్రమాణం.

థింసా నృత్యం విషయంలోనూ ఈ వివేకం అవసరం. యాత్రికుల కోసం పారితోషికం తీసుకుని ఆడే ప్రదర్శన వేరు, చైత్రమాసపు పండుగలో ఊరు తనకోసం ఆడుకునే ఆట వేరు. మొదటి దానిని చిత్రీకరించవచ్చు. రెండవ దానిలో, చేతులు పెనవేసుకుని కదిలే స్త్రీల వరుసను విడదీసి మధ్యలో దూరడం ఆ ఊరిని అవమానించడమే.

మూడవది కానుకలు. ఇక్కడ మంచిమనసే కీడు చేస్తుంది. కారు ఆపి పిల్లలకు మిఠాయిలు, నాణేలు పంచితే, మరునాడు వారు ప్రతి కారు వెంటా పరుగెత్తుతారు. క్రమంగా బడి గంట కన్నా కారు హారను వారికి ముఖ్యమవుతుంది. ఈ దారి ఎంత దూరం పోగలదో అండమానులో కనిపించింది. తిండి ఆశచూపి జారవా స్త్రీలచేత నాట్యం చేయించిన దృశ్యాలు 2012లో బయటపడి దేశమంతటినీ సిగ్గుపడేటట్లు చేశాయి. ఇవ్వదలచినవారు పలకలు, పుస్తకాలు బడి ఉపాధ్యాయునికి అప్పగించాలి. అంతకన్నా ఉత్తమం, ఆ ఇంటి పసుపు, మిరియాలు, కాఫీగింజలు బేరమాడకుండా కొనడం. దానివల్ల ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు అనే భేదం తొలగిపోతుంది. ఇంకొక సంగతి. కొత్త పండుగ జరిపి దేవతకు నివేదించేవరకు కొత్త మామిడికాయను ముట్టని ఆచారం ఆ గ్రామాలలో ఉన్నది. చెట్టున కాయ కనబడగానే కోసి పిల్లల చేతిలో పెట్టేవారు ముందుగా పెద్దలను అడగడం విధి.

ఇన్ని నియమాలుంటే యాత్రికులు రారని, గ్రామానికి ఆదాయం పోతుందని కొందరి ఆక్షేపణ. ఈ భయం ఆతిథ్యమిచ్చే కుటుంబానికీ ఉన్నది. ఆ భయం వల్లనే, అతిథి హద్దు మీరినా ఆ ఇల్లాలు నోరెత్తదు. కనుక ఆమె మౌనాన్ని అంగీకారంగా గ్రహించరాదు. వచ్చినవారికి నియమాలను మొదటి పూటనే, సామాను దించకముందే ఆ ఊరి పెద్దలు వినిపిస్తే ఆమెకు ఆ ఇబ్బంది ఉండదు. అటువంటి నియమాలు విని వెనుదిరిగే యాత్రికుని వల్ల పోయే ఆదాయం స్వల్పం. తన గుమ్మంలో తానే పరాయిదైపోయిన ఇల్లాలికి కలిగే నష్టాన్ని ఏ సొమ్మూ పూడ్చలేదు.